గోడకు పెట్టే ముందు నాలుగు ఫొటోలు



మొన్న ఆదివారం పొద్దున్నే మా అక్క కూతురు ఫోన్ చేసింది. పెళ్లయి తెనాలిలో ఉంటోంది. "మామయ్యా, బస్టాండు దగ్గర ఫోన్ ఛార్జర్ కొన్నాను. నూట యాభైకి ఇచ్చాడు. కంపెనీదే అన్నాడు. పెట్టుకోవచ్చా?" అని అడిగింది. నేను ముప్పై ఏళ్లు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పినవాణ్ని. ఇంట్లో వైరున్న ఏ వస్తువు కొన్నా నా దగ్గరికే వస్తుంది ఆ ప్రశ్న.

"ఇంకా ప్లగ్గులో పెట్టలేదు కదా?" అన్నాను.

"లేదు మామయ్యా."

"అయితే పెట్టకమ్మా. నాలుగు ఫొటోలు తీసి పంపించు. పిన్నుల్ని ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. సన్న అక్షరాలు ఉన్నచోట ఒకటి. ప్లాస్టిక్ అతుకు కనిపించేలా ఒకటి."

ఈ రోజు మీతో చెప్పాలనుకున్నది ఆ నాలుగు ఫొటోల సంగతే. ఛార్జర్ అసలుదా, నకిలీదా? విప్పి చూడకుండా, కరెంటు పెట్టకుండా, ఫొటోలోనే చాలావరకు పట్టుకోవచ్చు. చూడాల్సినవి మూడే. పిన్నులు, ముద్రలు, అతుకు. మళ్లీ చెబుతున్నాను. పిన్నులు, ముద్రలు, అతుకు.

మరి ఫొటో ఎందుకు, చేతిలోనే ఉంది కదా, కళ్లతో చూడకూడదా అంటారేమో. చూడొచ్చు. కానీ ఛార్జర్ మీద అక్షరాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. తెల్ల ప్లాస్టిక్ మీద లేత బూడిద రంగు. ఆవగింజంత అక్షరం. నా వయసు వాళ్లకు కళ్లజోడు ఉన్నా ఆనవు. బంగారం ఉంగరం మీద ముద్ర చూడాలంటే కంసాలి కంటికి భూతద్దం పెట్టుకుంటాడు. మన ఫోనులో కెమెరా అలాంటి భూతద్దమే. ఫొటో తీసి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూస్తే, కంటికి ఆనని అక్షరం అరచేతిలో కనిపిస్తుంది.

ఫొటో తీయడానికి ఒక పద్ధతి ఉంది. ఛార్జర్‌ని కిటికీ పక్కన పెట్టండి. వెలుతురు పక్క నుంచి పడాలి. ఫ్లాష్ వేయకండి. ఫ్లాష్ వేస్తే ప్లాస్టిక్ మెరిసిపోయి అక్షరాలు మాయమవుతాయి. ఫోన్‌ని మరీ దగ్గరికి తీసుకెళ్లకండి, మసకబారుతుంది. జానెడు దూరంలో పట్టుకుని, అక్కడి నుంచి రెండింతలు జూమ్ చేయండి. అక్షరాలు అప్పటికీ తేలకపోతే ఛార్జర్‌ని కొద్దికొద్దిగా వంచుతూ చూడండి. ఏదో ఒక వాలులో అక్షరం తళుక్కుమంటుంది. అప్పుడు నొక్కండి.

మా అమ్మాయి ఫొటోలు తీసేలోగా ఒక సంగతి చెప్పుకుందాం. ఛార్జర్ లోపల ఏం జరుగుతుంది? నకిలీది అయితే ఏమవుతుంది?

ఇడ్లీ పాత్ర గుర్తు తెచ్చుకోండి. అడుగున నీళ్లు. పైన ఇడ్లీ రేకులు. ఆవిరి మాత్రమే పైకి వెళ్లాలి. నీళ్లు ఇడ్లీకి తగలకూడదు. నీళ్లు ఎక్కువ పోసినా, రేకు కిందికి దిగినా, అడుగు వాయి ముద్దయిపోతుంది. ఛార్జర్ కూడా అంతే. గోడ వైపు 230 వోల్టుల కరెంటు. అది ఛార్జర్ లోపలికి వెళ్లాక దాదాపు 325 వోల్టుల డీసీగా మారుతుంది. ఫోన్ వైపు కావలసింది 5 వోల్టులు, వేగంగా ఎక్కించేవైతే ఇంకొన్ని. ఈ రెండు వైపుల మధ్య తీగ ద్వారా రాకపోకలు ఉండకూడదు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. శక్తి దాని అయస్కాంత క్షేత్రం గుండా, ఆవిరిలాగా దాటాలి. అటు కరెంటు ఇటు తగలకూడదు. అందుకే మంచి ఛార్జర్‌లో ఈ రెండు వైపుల మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్లకు మధ్య పొరలు పొరలుగా టేపు చుడతారు.

నకిలీ చేసేవాడు ముందుగా మిగుల్చుకునేది అక్కడే. ఖాళీ తగ్గిస్తాడు, టేపు తగ్గిస్తాడు. బయటికి తెలియదు. ఫోన్ చక్కగా ఛార్జ్ అవుతూనే ఉంటుంది. ఒక వానాకాలం రాత్రి, లోపల తేమ చేరినప్పుడు, నీళ్లు ఇడ్లీకి తగులుతాయి. గోడలో ఉన్న కరెంటు వైరు గుండా ఫోన్‌కి వస్తుంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్న మనిషికి వస్తుంది.

2016లో యూఎల్ అనే అంతర్జాతీయ పరీక్షా సంస్థ ఒక పేరున్న కంపెనీ ఛార్జర్లకు నకిలీలుగా వచ్చిన 400 అడాప్టర్లను పరీక్షించింది. ఆ 400లో ప్రమాదం లేదని తేలినవి ఎన్నో తెలుసా? మూడు. 12 అయితే మనిషి ప్రాణం తీసేంత అధ్వానంగా ఉన్నాయి. ఫోన్ ఛార్జ్ అవుతోంది కాబట్టి ఛార్జర్ మంచిదే అనుకోవడానికి లేదు. పనిచేయడం వేరు, ప్రమాదం లేకుండా పనిచేయడం వేరు.

సరే. మా అమ్మాయి ఫొటోలు వచ్చాయి. మొదటిది, పిన్నులు ఎదురుగా.

మన దగ్గర ఫోన్ ఛార్జర్లకు రెండు గుండ్రటి పిన్నులు ఉంటాయి. సన్న రకం పిన్ను మందం 4 మిల్లీమీటర్లు, పొడవు 19 మిల్లీమీటర్లు. ఇది యూరప్ కొలత, మన బోర్డుల్లో కూడా పడుతుంది. ఇంకొన్ని ఛార్జర్లకు ఇంతకంటే లావు పిన్నులు ఉంటాయి. ఫొటోలో స్కేలు పెట్టి కొలవలేం కదా. కొలవక్కర్లేదు. పొడవును మందంతో పోల్చండి. పక్క నుంచి తీసిన ఫొటోలో సన్న పిన్ను పొడవు, దాని మందానికి సుమారు నాలుగైదు రెట్లు ఉండాలి. సన్న పిన్ను పొట్టిగా, మొద్దుగా, మందానికి రెండున్నర మూడు రెట్లే ఉంటే అనుమానించండి. పొట్టి పిన్ను బోర్డులోపలి రేకును పూర్తిగా పట్టుకోదు. వదులుగా తగిలినచోట నిప్పురవ్వ లేస్తుంది. వేడెక్కుతుంది. ప్లాస్టిక్ నల్లబడుతుంది. మీ ఇంట్లో ఏదైనా బోర్డు కన్నం చుట్టూ గోధుమ రంగు మరక ఉంటే, అది ఇలాంటి వదులు పిన్ను పని కావచ్చు.

తర్వాత పిన్ను మొన చూడండి. అసలుదాని మొన నున్నగా, గుండ్రంగా తిరిగి ఉంటుంది. రెండు మొనలూ కవలపిల్లల్లా ఉంటాయి. నకిలీలో ఒకటి మొండిగా కోసినట్టు, ఒకటి ఏటవాలుగా ఉండొచ్చు. ఇంకో సంగతి. పిన్ను పొడవునా ఒక సన్న గీత కనిపిస్తోందా? కిళ్లీ కొట్లో పొట్లం చుట్టినట్టు, రేకును గుండ్రంగా చుట్టి పిన్ను చేశారన్నమాట. నొక్కుకుపోతుంది, ఊగుతుంది.

పిన్ను మొదట్లో, అంటే ప్లాస్టిక్‌లోంచి బయటికి వచ్చేచోట, నల్లటి తొడుగు ఉందేమో చూడండి. సన్న పిన్నుల రకంలో ఆ తొడుగు ఉంటుంది. పిన్ను సగం దూరం దాకా వస్తుంది. ఎందుకంటే ఛార్జర్ తీసేటప్పుడు అది సగం బయటికి వచ్చి, ఇంకా కరెంటు తగులుతూనే ఉంటుంది. ఆ సందులో పిల్లల వేలు పడితే? వేలు తొడుగు మీద పడాలి, లోహం మీద కాదు. అసలుదాంట్లో ఆ తొడుగు పిన్నుతో సమానంగా ఉంటుంది, పిన్ను కంటే లావుగా ఉబ్బి ఉండదు. నకిలీలో వైరు తొడుగు ముక్క ఎక్కించినట్టు లావుగా, మెట్టులా కనిపిస్తుంది. ఒక్కోసారి నల్లరంగు పూసి వదిలేస్తారు. అయితే లావు పిన్నులున్న ఛార్జర్లన్నిటికీ ఈ తొడుగు ఉండాలని లేదు. కాబట్టి తొడుగు లేదనే ఒక్క కారణంతో నకిలీ అనేయకండి. మీ ఫోన్‌తో పాటు పెట్టెలో వచ్చిన పాత ఛార్జర్ ఉంటే పక్కన పెట్టి ఫొటో తీయండి. పోల్చడానికి అంతకంటే మంచి సాక్షి లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి చెప్పాలి. సన్న పిన్నులు రెండూ మొనల దగ్గర కొద్దిగా లోపలికి ఒరిగి ఉంటాయి. వంకరపోయిందని కంగారు పడకండి. అది కావాలని చేసిందే. మొదట్లో పిన్నుల మధ్య 18.6 మిల్లీమీటర్లు ఉంటే, మొనల దగ్గర దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. అలా ఒరగడం వల్లే బోర్డులో పెట్టినప్పుడు స్ప్రింగులా బిగుస్తుంది. రెండూ సమానంగా ఒరిగితే మంచిదే. ఒకటి నిటారుగా, ఒకటి వంకరగా ఉంటేనే తప్పు.

ఇక బల్లపరుపు పిన్నులు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన ఛార్జర్‌కి రెండు చప్పటి పిన్నులు ఉంటాయి. అది నకిలీ అని కాదు. అది అక్కడి బోర్డుకు చేసింది. ఇక్కడ ప్లగ్ అడాప్టర్ లేకుండా పెట్టకూడదు. కానీ మన బజారులో, మన రూపాయలకు, "ఇండియా ఒరిజినల్" అంటూ చప్పటి పిన్నుల ఛార్జర్ అమ్ముతున్నారంటే, దాన్ని మన దేశంలో అమ్మడానికి చేయలేదని పిన్నులే చెబుతున్నాయి. ఇంగ్లండులో ఉన్న మనవాళ్లకు ఇంకో కొలత ఉంది. అక్కడి మూడు పిన్నుల ఛార్జర్‌లో, పిన్ను అంచు నుంచి ఛార్జర్ అంచు దాకా కనీసం 9.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉండాలి. అంతకంటే తక్కువైతే పట్టుకుని లాగేటప్పుడు వేలు జారి పిన్నుకు తగులుతుంది. అక్కడివాళ్లు ఫొటోలో ముందుగా చూడాల్సింది అదే.

మా అమ్మాయి ఛార్జర్ పిన్నులు ఎలా ఉన్నాయంటారా? పొడవు సరిగ్గానే ఉంది. మొనలు కూడా నున్నగానే ఉన్నాయి. ఒక పిన్ను మొదట్లో మాత్రం ప్లాస్టిక్‌కి, లోహానికి మధ్య వెంట్రుకంత సందు కనిపించింది. రెండో పిన్నుకి లేదు. ఇంతవరకు చూసి నకిలీ అనలేను. "పిన్నులు ఫరవాలేదమ్మా. రెండోది చూద్దాం" అన్నాను.

రెండోది ముద్రలు. సన్న అక్షరాలు. ఇక్కడ కాసేపు నిలబడదాం. ఎందుకంటే నకిలీ చేసేవాడు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే.

మన దేశంలో మొబైల్ ఛార్జర్ అమ్మాలంటే బీఐఎస్ దగ్గర నమోదు చేసుకోవాలి. బీఐఎస్ అంటే భారతీయ ప్రమాణాల సంస్థ. గ్యాసు స్టవ్వు మీద, సిమెంటు బస్తా మీద ఐఎస్ఐ ముద్ర వేయించేది ఆ సంస్థే. ఎలక్ట్రానిక్ వస్తువులకు తప్పనిసరి నమోదు అనే ఉత్తర్వు 2012లో వచ్చింది. దాని ప్రకారం ఛార్జర్ మీద బీఐఎస్ గుర్తు ఉండాలి. ఆ గుర్తు పైన ఐఎస్ అనే అక్షరాలతో ప్రమాణం సంఖ్య ఉంటుంది. చాలావాటి మీద 13252 అని చూస్తారు. కొత్తవాటి మీద 62368 అని ఉండొచ్చు. గుర్తు కింద ఆర్ అనే ఇంగ్లిషు అక్షరం, ఒక అడ్డగీత, ఆ తర్వాత ఎనిమిది అంకెలు. దీన్ని ఆర్ నంబరు అంటారు. ఆర్, గీత, ఎనిమిది అంకెలు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ ఆర్ నంబరు ఎవరిది? ఒక ఫ్యాక్టరీది. ఫలానా ఫ్యాక్టరీలో, ఫలానా వస్తువు, ఫలానా బ్రాండు పేరుతో, ఫలానా మోడళ్లు చేయడానికి ఇచ్చిన నంబరు. ఊరికి పిన్‌కోడ్ ఎలాగో, ఫ్యాక్టరీకి ఇది అలా. కాబట్టి నంబరు ఉండటం ఒక్కటే చాలదు. నంబరు ఎవరిదో చూడాలి. దానికి ఫోనులో బీఐఎస్ కేర్ అనే యాప్ ఉంది. ప్రభుత్వానిదే, డబ్బులు అక్కర్లేదు. అందులో ఆర్ నంబరు సరిచూసుకునే చోటు వేరుగా ఉంటుంది. అక్కడ ఎనిమిది అంకెలు కొడితే, ఎవరి ఫ్యాక్టరీ, ఏ వస్తువు, ఏ బ్రాండు అన్నీ వస్తాయి.

మా అమ్మాయి ఛార్జర్ మీద ఆర్ నంబరు ఉంది. చూడగానే నాకూ కొంచెం సంతోషమైంది. యాప్‌లో కొట్టమన్నాను. రెండు నిమిషాలు మాట లేదు. తర్వాత, "మామయ్యా, నంబరు నిజమే. కానీ ఎల్ఈడీ దీపాలు అని వస్తోంది" అంది. ఎవరిదో దీపాల ఫ్యాక్టరీ నంబరు తెచ్చి ఛార్జర్ మీద అచ్చువేశారు. అందుకే చెబుతున్నాను. నంబరు ఉందని ఆగకండి. కొట్టి చూడండి. వచ్చిన వివరాల్లో వస్తువు సరిపోవాలి, బ్రాండు సరిపోవాలి, మోడల్ సరిపోవాలి. అంత కష్టపడి నకిలీ చేసినవాడు కూడా ఎవరి నంబరు కాపీ కొట్టాడో చూసుకోడు.

తర్వాత చతురస్రంలో చతురస్రం. పెద్ద చదరం, దాని లోపల చిన్న చదరం. పిల్లలు ఆడే దాడి ఆట గీసినట్టు ఉంటుంది. ఆ గుర్తుకు అర్థం, లోపల రెండింతల ఇన్సులేషన్ ఉందని. మన ఛార్జర్‌కి రెండే పిన్నులు. మూడో పిన్ను, అంటే ఎర్త్, లేదు. ఇస్త్రీ పెట్టెకు, ఫ్రిజ్‌కు ఎర్త్ కాపలా ఉంటుంది. ఛార్జర్‌కి ఆ కాపలా లేదు. దానికి బదులుగా రెండో గోడ కట్టాలి. ఆ రెండో గోడ ఉందని చెప్పే గుర్తే ఈ రెండు చదరాలు. రెండు పిన్నుల ఛార్జర్ మీద ఇది లేకపోతే పక్కన పెట్టేయండి.

ఇక ఒక చిన్న లెక్క. ఐదో తరగతి పిల్లలు కూడా చేస్తారు. ఛార్జర్ మీద రెండు వరుసలు ఉంటాయి. ఇన్‌పుట్, అవుట్‌పుట్. లోపలికి ఎంత, బయటికి ఎంత అని. ఒక్కో వరుసలో వోల్టుల్ని ఆంపియర్లతో గుణించండి.

మా అమ్మాయి ఛార్జర్ మీద అవుట్‌పుట్ 5 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంది. ఐదు మూళ్లు పదిహేను. అంటే 15 వాట్లు బయటికి ఇస్తానంటోంది. ఇన్‌పుట్ వరుసలో 100 నుంచి 240 వోల్టులు, 0.1 ఆంపియర్ అని ఉంది. నూటిని 0.1తో గుణిస్తే 10. పది లోపలికి తీసుకుని పదిహేను బయటికి ఇస్తుందట. పది లీటర్ల పాలు కాచి పదిహేను లీటర్ల పెరుగు తీస్తానంటే ఎవరైనా నమ్ముతారా?

మన కరెంటు 230 వోల్టులు కదా, 100తో ఎందుకు గుణించారని అడగొచ్చు. మంచి ప్రశ్నే. 100 వోల్టుల దగ్గర కూడా పనిచేస్తానని ఆ ఛార్జర్ తన ఒంటిమీద తానే రాసుకుంది. వోల్టులు తక్కువైనప్పుడే ఆంపియర్లు ఎక్కువ లాగాలి. అక్కడ రాసే ఆంపియర్లు ఆ ఎక్కువ లెక్కే. అందుకే చిన్న అంకెతో గుణించాలి. మా ఇంట్లో ఫోన్‌తో పాటు వచ్చిన పాత ఛార్జర్ ఉంది. దానిమీద అవుట్‌పుట్ 5 వోల్టులు, 2 ఆంపియర్లు. అంటే 10 వాట్లు. ఇన్‌పుట్ 100 వోల్టులు, 0.35 ఆంపియర్. అంటే 35. బయటికి పది ఇవ్వడానికి లోపల ముప్పై ఐదుకు చోటు పెట్టుకున్నారు. మంచి ఛార్జర్లలో లోపలి లెక్క మామూలుగా రెండింతలో, ఇంకా ఎక్కువో కనిపిస్తుంది. అవుట్‌పుట్ వరుసలో రెండు మూడు జతల అంకెలుంటే, ఒక్కో జతనూ గుణించి, అన్నిటికంటే పెద్దదాన్ని తీసుకోండి.

ఇంకొకటి. అవుట్‌పుట్ అంకెల పక్కన ఒక అడ్డగీత, దాని కింద చిన్న చిన్న గీతలు ఉండాలి. అది డీసీ గుర్తు. ఇన్‌పుట్ పక్కన అల లాంటి గుర్తు ఉండాలి. అది ఏసీ గుర్తు. మా అమ్మాయి ఛార్జర్ మీద రెండుచోట్లా అలే ఉంది. ఫోన్‌కి అలా ఏసీ ఇచ్చే ఛార్జర్ లోకంలో లేదు. అచ్చు వేసినవాడికి ఆ గుర్తు ఏమిటో తెలియదు, అంతే. పెట్టె మీద బంగారు రంగులో 33 వాట్లు అని పెద్దగా ఉంది. ఛార్జర్ ఒంటిమీద లెక్క వేస్తే 15. ఆ 15 కూడా నిలబడలేదు.

చాలామంది సీఈ అనే రెండు అక్షరాలు చూసి ధైర్యపడతారు. అది యూరప్ గుర్తు. అక్కడ కూడా తయారుచేసినవాడు తానే వేసుకుంటాడు. మన దేశంలో అమ్మడానికి దానితో పనిలేదు. మనకు కావలసింది బీఐఎస్ గుర్తు, కింద ఆర్ నంబరు.

ఇప్పుడు మూడోది, అతుకు.

ఛార్జర్ బాడీ రెండు ముక్కల ప్లాస్టిక్. గిన్నె, మూత అనుకోండి. మంచి కంపెనీలు ఆ రెండింటినీ మామూలుగా జిగురుతో అతికించవు. ఎక్కువగా అల్ట్రాసోనిక్ వెల్డింగ్ చేస్తాయి. అంటే చెవికి వినిపించనంత వేగంగా కదిలించి, ఆ రాపిడి వేడికి అంచులు కరిగి ఒకటయ్యేలా చేస్తాయి. ఫొటోలో అది ఎలా కనిపిస్తుంది? చుట్టూ ఒకే మందంలో, సన్నటి గీత. మంచి దర్జీ కుట్టినట్టు. మొదలు నుంచి చివరిదాకా ఒకేలా. నాలుగు మూలల దగ్గరా ఒకేలా.

నకిలీలో ఆ గీత ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా ఉంటుంది. మూల దగ్గరికి వచ్చేసరికి నోరు తెరుచుకుంటుంది. ఒక ముక్క రెండో ముక్క కంటే కొంచెం ముందుకు పొడుచుకొస్తుంది. పక్క వెలుతురులో ఫొటో తీస్తే ఆ సందులో నల్లటి నీడ పడుతుంది. నీడ మందం మారుతూ ఉంటే అనుమానించండి. మెరిసే మరకలా ఏదైనా ఉంటే అది జిగురు. అతుకు దగ్గర స్క్రూడ్రైవర్ దూర్చిన గాట్లు కనిపిస్తే, ఒకసారి విప్పి మళ్లీ అతికించిన పాత సరుకు. పైన పేరు నిజమైనదే కావచ్చు. లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

అతుకు గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. నా దగ్గర చదివిన ఒక కుర్రాడు రిపేరు షాపు పెట్టుకున్నాడు. ఒకసారి వెళ్తే బల్ల మీద సగం ఛార్జర్ చూపించాడు. ఎవరో బిగుతు బోర్డులోంచి ఛార్జర్ పట్టుకుని లాగారట. గిన్నె చేతిలోకి వచ్చింది. మూత, పిన్నులతో సహా, బోర్డులోనే ఉండిపోయింది. దానికి సర్క్యూట్ ముక్క వేలాడుతోంది. స్విచ్ వేసే ఉంది. ఆ ముక్కకు వేలు తగిలి ఉంటే, ఇందాక చెప్పిన 325 వోల్టులు ఆ వేలికే. ఆ ఇంటి అదృష్టం బాగుండి తగల్లేదు. నేను ఆ మూతను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. అంచు మీద వెల్డింగ్ ఆనవాలు లేదు. నాలుగు మూలల్లో నాలుగు చుక్కల జిగురు. అంతే.

అదే బోర్డులో అదే బిగువు. వెల్డింగ్ చేసిన ఛార్జర్ అయితే అలా రెండు ముక్కలయ్యేది కాదు. కాబట్టి అతుకు అందం కోసం కాదు. చేతికీ కరెంటుకీ మధ్య ఉన్న తలుపు అది.

మా అమ్మాయి నాలుగో ఫొటోలో అతుకు మూడు పక్కలా బాగానే ఉంది. యూఎస్‌బీ కన్నం ఉన్న వైపు మాత్రం ఎడమ మూలలో సందు తెరుచుకుంది. "గోరు పెట్టి చూడమ్మా, దిగుతుందా?" అన్నాను. దిగింది అంది. వెల్డింగ్ చేసిన అతుకులో గోరు దిగదు. అక్కడితో నా అనుమానం తీరిపోయింది.

ఇప్పుడు ఒక్క విషయం ఉన్నదున్నట్టు చెప్పాలి. ఫొటో నకిలీని పట్టిస్తుంది. కానీ ఫొటోలో అన్నీ సరిగ్గా ఉన్నంత మాత్రాన అది అసలుదని నేను హామీ ఇవ్వలేను. పిన్నులు చక్కగా ఉండి, అచ్చు చక్కగా ఉండి, నిజమైన ఛార్జర్ ఆర్ నంబరునే కాపీ కొట్టి, అతుకు కూడా శుభ్రంగా చేసిన నకిలీలు ఉంటాయి. లోపలి టేపు, లోపలి ఖాళీ ఫొటోలో కనిపించవు. ఒక్కటి తప్పిందంటే వద్దు అని చెప్పేయొచ్చు. అన్నీ సరిపోతే, ఇంకో రెండు చూడండి. బిల్లు ఇస్తున్నారా? ధర కంపెనీ ధరకు దగ్గరగా ఉందా? ఎనిమిది వందల ఛార్జర్ నూట యాభైకి వస్తోందంటే ఆ తగ్గిన ఆరు వందల యాభై ఎక్కడో ఒకచోట తగ్గించే ఉంటారు. ఆ చోటు ఏమిటో ఇందాక ఇడ్లీ పాత్ర దగ్గర చెప్పుకున్నాం.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఒక మాట. అమ్మేవాడు పెట్టే ఫొటోలు చాలాసార్లు కంపెనీ వెబ్‌సైట్‌లోంచి తీసినవే ఉంటాయి. వాటిని చూసి నమ్మొద్దు. కింద కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలు ఉంటాయి, వాటిని పెద్దవి చేసి చూడండి. సరుకు ఇంటికి వచ్చాక, ప్లగ్గులో పెట్టకముందే, మీ సొంత ఫొటోలు నాలుగు తీయండి. తేడా కనిపిస్తే తిప్పి పంపడానికి ఆ ఫొటోలే మీ సాక్ష్యం. ఒకసారి వాడేశాక తిప్పి పంపడం కష్టం.

మరోసారి చెప్పుకుందాం. మొదట పిన్నులు. సన్నవైతే పొడవు మందానికి నాలుగైదు రెట్లు, రెండూ ఒకేలా, మొదట్లో సందు లేకుండా. తర్వాత ముద్రలు. ఆర్, గీత, ఎనిమిది అంకెలు. యాప్‌లో కొట్టి చూడాలి. చదరంలో చదరం ఉండాలి. లోపలి లెక్క బయటి లెక్క కంటే బాగా ఎక్కువ ఉండాలి. చివర అతుకు. చుట్టూ ఒకే సన్న గీత. గోరు దిగకూడదు.

మా అమ్మాయి ఆ ఛార్జర్‌ని ఆ సాయంత్రమే తీసుకెళ్లి షాపులో చూపించింది. బిల్లు లేదు కాబట్టి అతను డబ్బులు ఇవ్వలేదు. "వేరేది తీసుకో అమ్మా" అన్నాడట. వేరేదీ వద్దని వచ్చేసింది. వాళ్ల అత్తగారు ఆ ఛార్జర్ ఊళ్లో ఇంకెవరికైనా పనికొస్తుందేమో అన్నారట. పనికిరాదని నేనే ఆవిడతో మాట్లాడి చెప్పాను. మనకు వద్దన్నది ఇంకో ఇంటికి ఇవ్వకూడదు. దాని పిన్నులు రెండూ ప్లయరుతో వంచేయమన్నాను, ఇక ఏ బోర్డులోనూ పట్టకుండా. వంచాక చెత్తబుట్టలో కాక, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేచోట ఇవ్వమన్నాను.

ఈ రాత్రి మీరు ఒక్క పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల మంచం పక్కన, తలగడ దగ్గర ఏ ఛార్జర్ ఉందో చూడండి. ఎక్కువగా ఇంట్లో అందరూ వాడి వదిలేసింది, లేదా ఎవరో తెచ్చిచ్చిన చౌకది వాళ్ల దగ్గరికే చేరుతుంది. స్విచ్ ఆపి, బయటికి తీసి, నాలుగు ఫొటోలు తీయండి. ఆర్ నంబరు చదవండి. నంబరు లేకపోయినా, ఉన్న నంబరు ఇంకెవరిదో అయినా, బీఐఎస్ కేర్ యాప్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. కొన్న షాపు మీద ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. దాని నంబరు 1915. ఒకటి, తొమ్మిది, ఒకటి, ఐదు.